మూడుసార్లూ అదే అంకె

ముదిగుబ్బలో ఆ రోజుల్లో జ్వరాలు రెండే. వేలికి సూది గుచ్చి, రక్తం గాజుపలక మీద పూసి చూస్తే మలేరియా పురుగు కనబడిందా, మలేరియా. కనబడలేదా, టైఫాయిడ్. మూడో జ్వరం ఒకటుంటుందనీ, అది బస్సెక్కకుండానే ఈ ఎర్రనేలకు వస్తుందనీ ఎవరికీ తట్టలేదు. ఎవరి దాకానో ఎందుకు, ల్యాబు పెట్టుకుని కూర్చున్న వీరేష్‌కే తట్టలేదు.

వీరేష్ ల్యాబు బస్టాండు వెనక సందులో, డాక్టర్ వెంకటేశులు క్లినిక్కును ఆనుకుని ఉండేది. ఒక గది, ఒక మైక్రోస్కోపు, ఒక ఫ్రిజ్జు, కరెంటు వచ్చి పోయినప్పుడల్లా మూలిగే ఒక స్టెబిలైజరు. గొర్రెలు కాసే దాసప్ప కొడుకు అనంతపురం పోయి కోర్సు చదివి, తెల్లకోటు తొడుక్కుని, నలుగురి నెత్తురు చూసి రోగం చెప్పేవాడయ్యాడంటే ఆ చుట్టుపక్కల అది చిన్న సంగతి కాదు. జనం డాక్టరు దగ్గరికి పోకముందే నేరుగా వీరేష్ దగ్గరికి వచ్చేవారు. జ్వరమని కూడా అనరు. "అప్పా, టైపాడు చూడు" అంటారు. లేదని చెబితే పెళ్ళికి పిలిచి భోజనం పెట్టకుండా పంపినట్టు మొహం ముడుచుకుంటారు. అందుకే ఆ పరీక్షలో ఉందని తేలితే వాళ్ళకంటే వీరేష్‌కే హాయిగా ఉండేది. రోగానికి పేరు దొరికింది, మందు దొరుకుతుంది, ఇంక భయం లేదు. ఆ కాస్త ధైర్యం చెప్పగలగడమే తన చదువుకు ఫలమని అతను మనసారా నమ్మాడు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. పూత మీదున్న వేరుశనగ పూతమీదే మాడిపోయింది. దాసప్ప మందలో చూలు గొర్రెలు చాలావరకు నెలలు నిండకుండానే చచ్చిన పిల్లల్ని వేశాయి. మేత లేక, నీళ్ళు లేక వేశాయనుకున్నారు అందరూ. దాసప్ప ఉత్త చేతులతోనే ఆ పిల్లల్ని లాగాడు, మాయ తీశాడు, గుంత తవ్వి పూడ్చాడు, పంచెకు చేతులు తుడుచుకుని మళ్ళీ మంద వెంట నడిచాడు. గొర్రెలు కాసేవాళ్ళంతా చేసే పనే అది. దానికి ఎవరైనా సబ్బు అడుగుతారా? దాహమైతే పొదుగు కిందికి ఆకుదొన్నె పట్టి పచ్చిపాలు తాగడం కూడా అలాంటిదే. వాళ్ళ తాతలు తాగారు, వాళ్ళూ తాగుతున్నారు.

దసరా పోయాక ఒక సాయంత్రం దాసప్ప కంబళి కప్పుకుని కొడుకు ల్యాబు మెట్లు ఎక్కాడు. మనిషి ఒంటినిండా చెమట, అయినా వణుకుతున్నాడు.

"ఏమప్పా వీరేశూ, ఒళ్ళంతా ఎవడో దుడ్డుగర్రతో కొట్టినట్ల ఉండాది. పొద్దున బాగుంటాది, పొద్దుగూకితే జరం."

వీరేష్ తండ్రి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. మలేరియా స్లైడు చూశాడు, లేదు. అయితే ఇంకేముంది? రక్తం కాసేపు నిలవనిచ్చి, పైన తేరిన పసుపురంగు సీరం తీశాడు. తెల్లపలక మీద ఒక చుక్క సీరం వేసి, పక్కన కిట్టులోని నీలిరంగు చుక్క వేసి, పుల్లతో కలిపి, పలకను అటూ ఇటూ వంచుతూ ఊపాడు. నిమిషం తిరక్కుండానే పాలు విరిగినట్టు ఆ నీలి చుక్క సన్నసన్నని గింజలుగా విడిపోయింది.

దాసప్ప కంబళిలోంచి మెడ చాచి చూశాడు. "అదేంట్రా, ఇరిగిపాయ?"

తండ్రికి తన పని చెప్పే అవకాశం వీరేష్‌కు ఎప్పుడోగానీ రాదు. సంబరంగా చెప్పాడు. "ఆ నీలిరంగు సీసాలో ఉండేది టైఫాయిడ్ క్రిములే నాయనా, చంపి పెట్టినవి. నీ ఒంట్లోకి ఆ క్రిమి వస్తే దాన్ని పట్టుకునేకి నీ రక్తంలో కొన్ని పుడతాయి. ఒక్కోదానికి రెండు చేతులు. ఒక చేత్తో ఒక క్రిమిని, ఇంకో చేత్తో ఇంకో క్రిమిని పట్టుకుంటాయి. అట్ల ఒకదాన్నొకటి పట్టుకోని గుంపులు గుంపులుగా అతుక్కుంటాయి. అదే నువ్వు చూసేది."

"మిట్టమధ్యాన్నం ఎండకు గొర్లు తలకాయలు దూర్చుకోని గుంపు కడతాయే, అట్లనా?"

"అట్లనే."

దాసప్పకు జ్వరంలోనూ నవ్వు వచ్చింది. కొడుకు చదివిన చదువంతా చివరికి గొర్రెల మంద దగ్గరికే వచ్చి ఆగినందుకు అతనికి గర్వంగా కూడా అనిపించింది.

వీరేష్ అంతటితో వదల్లేదు. ఊపి చూసి ఉంది లేదు అని చెప్పి పంపే ల్యాబు కాదు అతనిది. సీరాన్ని ఉప్పునీళ్ళతో పలచన చేస్తూ గాజు గొట్టాల్లో పోశాడు. ఒక్కో గొట్టంలో ముందుదానికంటే రెట్టింపు పలచన. అన్నిటిలోనూ అవే క్రిములు వేసి రాత్రంతా వెచ్చటి నీళ్ళలో ఉంచాడు. ఎంత పలచన చేసినా ఇంకా గుంపు కడుతున్న ఆఖరి గొట్టం ఏదో, అది ఎన్నింతలు పలచనో ఆ అంకే జవాబు. పొద్దున తీసి వెలుతురుకు పట్టి చూశాడు. నూటా అరవై దాకా అడుగున గింజలు పరుచుకుని ఉన్నాయి. ఆ తరువాతి గొట్టంలో లేవు. నూటా అరవై అంటే ఆ ప్రాంతంలో ఏ డాక్టరైనా కళ్ళు మూసుకుని టైఫాయిడ్ అంటాడు.

వెంకటేశులు కూడా అన్నాడు. సిప్రో మాత్రలు రాశాడు. వారం తిరిగేసరికి జ్వరం తగ్గింది. సుంకమ్మ, అంటే వీరేష్ తల్లి, ఇంటింటికీ పోయి చెప్పింది. "మావాడు ఒక్క చుక్క నెత్తురు చూసి కనుక్కున్యాడు, వాళ్ళ నాయన్ను లేపి కూకబెట్టినాడు" అని. ఆ మాట ల్యాబుకు ఏ బోర్డూ చేయలేనంత మేలు చేసింది.

సంక్రాంతికి ముందే జ్వరం మళ్ళీ వచ్చింది. ఈసారి నడుము నొప్పి, మోకాళ్ళు పట్టేయడం, రాత్రిళ్ళు పక్క తడిసేంత చెమట. వీరేష్ మళ్ళీ రక్తం తీశాడు, మళ్ళీ గొట్టాలు పెట్టాడు. మళ్ళీ నూటా అరవై. వెంకటేశులు తల పంకించి, తిరగబెట్టిందప్పా, అంటూ ఈసారి సూదులు రాశాడు. సూదులకూ తగ్గింది. ఎండలు ముదిరేసరికి మూడోసారి వచ్చింది. అప్పటికి దాసప్ప మనిషి సగమయ్యాడు. మందను కట్టమీదికి తోలాలన్నా మధ్యలో కూర్చుని ఆయాసపడుతున్నాడు. ఒంట్లో నెత్తురు తీస్తుంటే అతనే అన్నాడు: "ఏంటికిరా ఊరికే గుచ్చుతావు, అదే కదా వచ్చేది."

అదే వచ్చింది. నూటా అరవై.

వీరేష్ ఆ గొట్టాన్ని కిటికీ వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. అతనికి అనుమానం రాలేదు సరికదా, ఉన్న అనుమానం కూడా పోయింది. ఒకసారి వస్తే పొరపాటనుకోవచ్చు. మూడుసార్లు ఒకే అంకె వస్తే ఇంక అడిగేదేముంది, ముమ్మాటికీ టైఫాయిడే. మొండి టైఫాయిడ్, మందుకు లొంగని టైఫాయిడ్. అలాగని వెంకటేశులుతో గట్టిగా వాదించాడు కూడా.

వెంకటేశులు చెవులకు స్టెతస్కోపు పెట్టుకుని దాసప్ప గుండె మీద ఒకచోట ఆపాడు. అక్కడే చాలాసేపు విన్నాడు. తరువాత దాన్ని మెడలో వేసుకుని, వీరేష్ భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోయాడు.

"ఇది నా చేతిలో లేదప్పా. అనంతపురం తీస్కపో. గుండెలో ఏందో శబ్దం వస్తాండాది."

మర్నాడు పొద్దున బస్సెక్కేముందు, దారిలో జ్వరం ముంచుకొస్తుందేమోనని వీరేష్ తండ్రి నోట్లో ఒక సిప్రో మాత్ర వేసి నీళ్ళు తాగించాడు. ఏ కొడుకైనా వేస్తాడు.

అనంతపురం పెద్దాసుపత్రిలో చూసిన డాక్టరమ్మ పేరు సరళ. నడివయసు మనిషి, ఎప్పుడూ నిద్ర చాలనట్టు ఉండే కళ్ళు, మాటల్లో మొహమాటం లేదు. దాసప్ప గుండె విన్నది, కడుపు నొక్కి చూసింది, గోళ్ళు వెలుతురుకు పట్టి చూసింది. వీరేష్ తెచ్చిన రిపోర్టుల మీద కళ్ళు పరిగెత్తించి తలెత్తింది.

"ఎవరు చేసినారప్పా ఈ టెస్టులు?"

"నేనే మేడమ్. నాది ల్యాబు. ట్యూబులు పెట్టి చేసినా, ఉత్త స్లైడు కాదు." ఆ చివరి మాటలో కాస్త గర్వం దొర్లింది.

"బాగా చేసినావు. మూడుసార్లూ నూటా అరవయ్యేనా?"

"మూడుసార్లూ మేడమ్. అందుకే ఖాయంగా టైఫాయిడే అని..."

"అందుకే కాదేమోనని నేను అంటాండా."

వీరేష్‌కు అర్థం కాలేదు. సరళ కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది. కోప్పడుతున్నట్టు లేదు, ఈ మాట ఇంతకుముందు చాలామందికి చెప్పి అలసిపోయినట్టు ఉంది.

"టైఫాయిడ్ ఇప్పుడు ఒంట్లో ఉంటే, వారం పది దినాలు పొయ్యేసరికి ఆ అంకె పెరగాల. నలభై ఉండేది నూటా అరవై కావాల, నూటా అరవై ఉండేది ఆరువందల నలభై కావాల. నాలుగింతలు. అట్ల పెరిగితే దానికి అర్థం. మీ నాయనకు ఇన్ని నెలల్లో పెరగల్యా, తగ్గల్యా. కదలకుండా ఉండాదంటే అది పాత గుర్తప్పా. ఎప్పుడో వచ్చి పోయిన దానికి ఒంట్లో మిగిలిన జ్ఞాపకం. మనం తాగే నీళ్ళు ఎట్లాంటివో నీకు తెల్దా? ఈ జిల్లాలో సగంమందికి ఆ జ్ఞాపకం ఉంటాది. ఒంట్లో వేరే జరం వచ్చినా ఆ పాతవే పైకి లేస్తాయి ఒక్కోసారి."

"మరి మందుకు తగ్గింది కదా మేడమ్?"

"ఆ మందు టైఫాయిడ్‌ను ఒక్కదాన్నే చంపుతాదా? ఇంకో క్రిమి ఉన్యా కొంచెం అణుగుతాది. అణిగి మళ్ళీ లేస్తాది." ఆమె రిపోర్టులు మడిచి పక్కన పెట్టింది. "నువ్వు ఎప్పుడన్నా జరం లేనోనికి ఈ పరీక్ష చేసినావా?"

"జరం లేనోడు ఎందుకు చేయించుకుంటాడు మేడమ్?"

"అదే కదా. నీది నువ్వే చేసుకోని చూడు ఒకసారి."

ఆమె నర్సును పిలిచి రక్తం తీయించింది. అది పరీక్ష గొట్టాల్లో పోసే రక్తం కాదు. రెండు చేతుల్లోంచీ వేరువేరుగా, చర్మాన్ని ఒకటికి రెండుసార్లు తుడిచి, పెద్ద సిరంజిలతో తీసి పులుసులాంటి ద్రవం ఉన్న సీసాల్లో పోశారు. వీరేష్ చదువుకునే రోజుల్లో చూసినవే అవి. ఆ తరువాత మళ్ళీ చూడలేదు. ముదిగుబ్బలో కల్చర్ ఎవరు చేస్తారు, దానికి సామాను ఎక్కడిది, ఆగేంత ఓపిక ఎవరికి ఉంది?

"ఒంటి జ్ఞాపకాలను అడిగేది మీ పరీక్ష," అంది సరళ సీసాల మీద పేరు రాయిస్తూ. "ఈ సీసా క్రిమినే అడుగుతాది. రక్తంలో బతికి ఉంటే దీంట్లో పెరుగుతాది. పెరిగితే దాని పేరేందో తెలుస్తాది, ఏ మందుకు చస్తాదో కూడా తెలుస్తాది. జరం వచ్చిన మొదటి వారంలోనే, ఏ మాత్రా వేయకముందే తీసింటే బాగుండు." అని ఆగింది. "ఈ పొద్దు ఏం మాత్రలు వేసినారు?"

వీరేష్ చెప్పకుండా ఉండలేడు, చెప్పలేడు.

"బస్సెక్కేముందు ఒకటి... సిప్రో మేడమ్."

ఆమె నర్సు వైపు తిరిగి, రేపు, ఎల్లుండి కూడా తీయండి, మాత్రలన్నీ ఆపండి, అంది. తరువాత మంచం పక్కన నిలబడి దాసప్పను అడిగింది, ఏం పని చేస్తావు పెద్దాయనా, అని.

"గొర్లమ్మా."

"ఈ ఏడు గొర్లు పిల్లల్ను ముందే వేసినాయా?"

దాసప్ప ఆశ్చర్యంగా చూశాడు. పట్నం డాక్టరమ్మ గొర్రెల సంగతి అడుగుతుందని అతను అనుకోలేదు. "చానా వేసినాయమ్మా. నేనే లాగినా అన్నీ."

సరళ కళ్ళు ఒక్కక్షణం మూసుకుంది. తరువాత ల్యాబుకు కబురు పంపింది, ఈ సీసాల్ని వారానికి పారేయొద్దు, నెల దాకా ఉంచండి అని.

సాయంత్రం సుంకమ్మను తోడు ఉంచి వీరేష్ బట్టలకని ముదిగుబ్బ వచ్చాడు. ల్యాబు తాళం తీశాడు. ఎవరూ లేరు. తన చేతికి తనే రబ్బరు కట్టుకుని, పళ్ళతో బిగించి, రక్తం తీసుకున్నాడు. గొట్టాలు వరసగా పెట్టాడు. అతనికి జ్వరం లేదు. తలనొప్పి కూడా లేదు. ఈ ఏడాదిలో ఒక్కనాడు పక్క ఎక్కలేదు.

పొద్దున గొట్టాలు తీసి కిటికీ దగ్గరికి పోయాడు. మొదటిదాంట్లో గింజలు. రెండోదాంట్లో గింజలు. ఒక్కోటీ దాటుకుంటూ పోయాడు. నూటా అరవైలోనూ అడుగున గింజలు నీలంగా పరుచుకుని ఉన్నాయి.

వీరేష్ స్టూలు మీద కూర్చున్నాడు. అదే అంకె. నిక్షేపంగా తిని తిరుగుతున్న తనకూ, అక్కడ మంచం మీద ఊపిరి అందని తండ్రికీ ఒకే అంకె. అదొక్కటేనా? ఈ గదిలో ఇన్నేళ్ళుగా ఈ కిటికీ వెలుతురుకు పట్టుకుని ఎందరి గొట్టాలు చూశాడు, ఎందరికి ధైర్యం చెప్పి పంపాడు. వాళ్ళలో నిజంగా టైఫాయిడ్ ఎవరికి, ఏదో జ్వరం వచ్చి దానంతటదే పోయింది ఎవరికి, దాసప్పలాగా లోపల ఇంకేదో తినేస్తుంటే పైకి మాత్రం తగ్గిందని మురిసిపోయింది ఎవరికి? అతని చేతిలో లోపం లేదు. పలచన చేయడంలో లోపం లేదు. గొట్టాలు అబద్ధం చెప్పలేదు. అడగని ప్రశ్నకు అవి జవాబు చెబుతాయనుకున్నాడు, అంతే. ఆ గొట్టాలు కడగకుండానే ల్యాబుకు తాళం వేసి, అనంతపురం బస్సెక్కాడు.

టైఫాయిడ్ అయితే సీసా ఒకటి రెండు రోజుల్లోనే మసకబారేది. మారలేదు. వీరేష్ రోజూ ఆసుపత్రి ల్యాబు గుమ్మం దగ్గర నిలబడి అడిగేవాడు. అక్కడ పని చేసే ఆమె సీసాను వెలుతురుకు ఎత్తి చూపించి తల అడ్డంగా ఊపేది. తేటగా, కొబ్బరినీళ్ళలాగా. తేటదనాన్ని అతను జీవితంలో ఎప్పుడూ అంతగా అసహ్యించుకోలేదు.

సరళ సీసా కోసం ఆగలేదు. సందేహం మీదనే వేరే మందులు మొదలుపెట్టింది. కానీ గుండె కవాటం ఒకటి అప్పటికే చిల్లులు పడిపోయిందని స్కానింగులో కనబడింది. తోసిన నెత్తురు తోసినట్టే వెనక్కి వస్తోందట. ఆపరేషను బెంగుళూరులో చేస్తారు, కానీ ఈ మనిషి అంత దూరం తట్టుకోడు అని ఆమె వరండాలోకి పిలిచి చెప్పింది.

"మొదట్లోనే తెలిసింటే మేడమ్?"

అడగకూడని ప్రశ్న అని అతనికీ తెలుసు. ఆమె అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

"మాత్రలతో పొయ్యేదప్పా. నెలన్నర మాత్రలు."

దాసప్ప చివరి రోజుల్లో పడుకోలేకపోయాడు. దిండ్లు పేర్చుకుని కూర్చునే ఊపిరి పీల్చేవాడు. ఒక మధ్యాహ్నం కొడుకు వైపు తిరిగి, నెత్తురు మళ్ళీ చూసినావా, అని అడిగాడు. చూసినా నాయనా, అన్నాడు వీరేష్. "గుంపు కట్టినాయా?" వీరేష్ అవునన్నట్టు తల ఊపాడు. దాసప్పకు ఆ జవాబు చాలినట్టుంది. కొడుకు చూస్తున్నాడు, కనుక్కుంటాడు. ఆ నమ్మకంతోనే మర్నాడు తెల్లారేసరికి పోయాడు. వీరేష్‌కు ఏడుపు రాలేదు. ఆ నమ్మకం గుర్తొచ్చినప్పుడు మాత్రం వచ్చేది, అది కూడా ఎవరూ లేనప్పుడు.

దినాలు అయిపోయి, చుట్టాలు వెళ్ళిపోయి, మందను పక్క ఊరి మారెప్పకు అమ్మేశాక ఒకరోజు ల్యాబులో ఫోను మోగింది. సరళ.

"ఒక సీసాలో పెరిగిందప్పా. చానా నిదానంగా. టైఫాయిడ్ కాదు. గొర్లలో ఉండే క్రిమి, గొర్ల దగ్గర నుంచే వచ్చింది. నేను అనుకున్యదే. చచ్చిన పిల్లల్ను లాగేటప్పుడు, పచ్చిపాలు తాగేటప్పుడు... ఇంట్లో ఇంకెవరన్నా ఆ పని చేసినారా? జరం, నడుము నొప్పి, చెమటలు ఎవరికన్నా వస్తే ఏ మాత్రా వేయకుండా ఈడికి తీస్కరా. మాత్ర వేయొద్దు. విన్యావా?"

"విన్యా మేడమ్."

ఫోను పెట్టేశాక అతను మారెప్పకు కబురు పంపాడు, గొర్రెల్లో రోగం ఉంది, పచ్చిపాలు తాగొద్దు, ఉత్త చేతులతో లాగొద్దు అని. మారెప్ప నవ్వి ఊరుకున్నాడట. అమ్మినాక ఇదేం మాటప్పా, ముందే చెప్పింటే ధరన్నా తగ్గించి అడుగుదును కదా, అన్నాడట. ల్యాబుకొచ్చిన జ్వరాలవాళ్ళకు వీరేష్ ఇప్పుడు కొత్త మాట చెప్పసాగాడు. ఇది ఒక్కసారి చేస్తే తేలదు, అనంతపురం పోండి, మందు వేయకముందే కల్చర్ చేయించుకోండి, అని. వాళ్ళు వింటారు, తల ఊపుతారు. మెట్లు దిగి, ఎదురు సందులో కొత్తగా పెట్టిన ల్యాబుకు పోతారు. అక్కడ ఎవరికీ లేదని చెప్పరు. పాపం దాసప్ప పోయినప్పటి నుంచి కొడుకుకు మతి చలించిందని ఊళ్ళో ఒక మాట కూడా పుట్టింది. వెంకటేశులు ఒకటి రెండు సార్లు ఇబ్బందిగా నవ్వి, నువ్వు చెప్పేది నిజమే గానీ అందర్నీ అనంతపురం పంపితే ఈడ మనం ఎందుకప్పా, అన్నాడు. అతని మాటా తప్పు కాదు. కూలికి పోయే మనిషి ఒక జ్వరానికి రెండు దినాలు బస్సులో తిరగలేడు.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం ల్యాబు మూసి ఇంటికి పోయేసరికి సుంకమ్మ పొయ్యి దగ్గర లేదు. వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. దాసప్ప కంబళి మోకాళ్ళ మీద ఉంది. నుదురంతా చెమట.

"ఏమ్మా, ఏమయింది?"

"ఏం కాల్యా లే. నాలుగు దినాల నుంచి పొద్దుగూకితే జరం వస్తాండె. నడుము పట్టుకుండాది. నీకు చెప్తే మళ్ళీ హైరానా పడతావని చెప్పల్యా."

వీరేష్ తల్లి పక్కన కూలబడి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆ చేతులు కూడా అప్పట్లో ఎన్నో గొర్రెపిల్లల్ని లాగాయి. దాసప్ప ఒక్కడే లాగాడని ఎందుకనుకున్నాడు తను?

"పొద్దున్నే అనంతపురం పోదాం మా. డాక్టరమ్మ చెప్పింది, ఇది నయమయ్యేదే, మాత్రలతోనే. ముందు నెత్తురు తీయాల, అంతే. పోదాం."

"నేను రాను." సుంకమ్మ గొంతు మెత్తగానే ఉంది. "ఆడికి పోయిన మనిషి మళ్ళీ వచ్చినాడా? నన్ను ఆ మంచం మీద పండబెట్టొద్దు నాయనా. అయినా తగ్గింది లే. మీ నాయన మాత్రలు మిగిలుండె కదా డబ్బాలో, మొన్నటి నుంచి వేసుకుంటాండా. ఈ పొద్దు ఒళ్ళు చల్లబడింది చూడు."

వీరేష్ చూశాడు. ఒళ్ళు నిజంగానే చల్లగా ఉంది. దాసప్పకు కూడా మొదటిసారి ఇలాగే చల్లబడింది. అప్పుడు ఇల్లంతా సంతోషించింది.

"ఆ మాత్రలు వేసుకోవద్దు మా," అన్నాడు. ఎందుకో చెప్పబోయాడు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. తగ్గడమే చెడ్డ గుర్తని కన్నతల్లికి ఎలా చెప్తాడు?

సుంకమ్మ నవ్వింది. కొడుకు భయపడుతున్నాడని ఆమెకు తెలుసు. కొడుకు భయం పోగొట్టే దారి కూడా ఆమెకు తెలుసు. కంబళి పక్కకు తోసి, చీర కొంగుతో నుదురు తుడుచుకుని, చెయ్యి ముందుకు చాచింది.

"అంత దూరం ఏంటికి? నీ ల్యాబు లేదా? నువ్వే తీసి చూడు నాయనా. నువ్వు చూస్తే చాలు నాకు."

ఆమె చెయ్యి అలాగే చాచి ఉంది. మోచేతి లోపల నరం వెలుతురులో నీలంగా కనబడుతోంది. ఈ ఊళ్ళో అతనంటే నమ్మకం మిగిలింది ఇప్పుడు ఆమెకు ఒక్కదానికే. వీరేష్ ఆ నరం మీద బొటనవేలు పెట్టాడు గానీ, ఆ వేలు తీయలేకపోయాడు, నొక్కలేకపోయాడు.